ఒకే మాత్ర, రెండు శాతాలు: సప్లిమెంట్ లేబుల్ లెక్క

నా ముందు విటమిన్ డి సీసాలు రెండు ఉన్నాయి. ఒకటి అల్మారా సర్దుతుంటే వెనక మూలన దొరికిన పాతది, ఎప్పుడో గడువు తీరింది. రెండోది కొత్తది. పాతదాని మీద విటమిన్ డి 2000 ఐయూ అనీ, దాని పక్కన 500 శాతం అనీ ఉంది. కొత్తదాని మీద 50 ఎంసీజీ అనీ, పక్కన 250 శాతం అనీ ఉంది. చూడగానే కొత్త మాత్రలో మందు సగానికి సగం తగ్గించారనిపిస్తుంది. 2000 ఎక్కడ, 50 ఎక్కడ అని మరీ కంగారుపడేవారూ ఉంటారు. నిజానికి ఆ రెండు మాత్రల్లో ఉన్న విటమిన్ డి అంతా ఒక్కటే. ఒక్క ఇసుమంత కూడా తేడా లేదు.

మారింది కొలిచే పద్ధతి. అమెరికాలో అమ్మే సప్లిమెంట్ల మీద ‘సప్లిమెంట్ ఫ్యాక్ట్స్’ అనే శీర్షికతో నల్ల గీతల చట్రంలో ఒక పట్టిక ఉంటుంది. దాని నియమాలను అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో సవరించింది. పెద్ద కంపెనీలు 2020 జనవరి నాటికి, చిన్న కంపెనీలు 2021 జనవరి నాటికి కొత్త లెక్కకు మారాలని గడువు పెట్టింది. ఆ గడువుకు ముందూ తర్వాతా తయారైన సీసాలను పక్కపక్కన పెడితే నాకు ఎదురైన చిక్కే ఎవరికైనా ఎదురవుతుంది. పట్టికను పై నుంచి ఒక్కో వరుసా చదువుకుంటూ వస్తే ఆ చిక్కు విడిపోతుంది.

అంకెలన్నీ వేటికి? ముందు సర్వింగ్ సైజు

పట్టికలో అన్నిటికంటే పైన ఉండేది సర్వింగ్ సైజు, అంటే ఒక మోతాదు. దాని కింద ఉన్న ప్రతి అంకె ఆ మోతాదుకే వర్తిస్తుంది, ఒక మాత్రకు కాదు. కొన్నిసార్లు మోతాదూ మాత్రా ఒకటే కాబట్టి తేడా తెలియదు. గమ్మీల విషయంలో మాత్రం తరచుగా తెలుస్తుంది. సీసా ముందువైపు పెద్ద అక్షరాలతో 2000 ఐయూ అని ఉంటుంది. వెనక్కి తిప్పితే సర్వింగ్ సైజు రెండు గమ్మీలు అని ఉంటుంది. రోజుకు ఒక్కటే నమిలే మనిషికి అందేది 1000 ఐయూ. సీసాలో 60 గమ్మీలున్నా అవి 30 మోతాదులే.

ఈ మోతాదును ఎవరు నిర్ణయిస్తారన్నది చాలామందికి తెలియదు. ఆహార పదార్థాలకైతే జనం సాధారణంగా ఒకసారి ఎంత తింటారో చూసి ప్రభుత్వమే ఒక ప్రమాణం పెట్టింది. సప్లిమెంట్లకు అలా కాదు. ఒక్కసారికి గరిష్ఠంగా ఎన్ని వేసుకోవచ్చని తయారీదారు లేబుల్ మీద సూచిస్తాడో అదే సర్వింగ్ సైజు. ‘అల్పాహారంతో ఒకటి నుంచి మూడు మాత్రలు’ అని రాస్తే పట్టిక మూడు మాత్రలకు ఉంటుంది. ఏ సూచనా లేకపోతే ఒక మాత్రకు ఉంటుంది.

‘ఒక్కసారికి’ అన్న మాట దగ్గర ఒక మెలిక ఉంది. ‘రెండు మాత్రలు, రోజుకు రెండుసార్లు’ అని సూచించిన సీసా మీద సర్వింగ్ సైజు రెండు మాత్రలే. కావాలనుకుంటే తయారీదారు రోజు మొత్తానికి మరో వరుస చూపవచ్చు గాని, చూపి తీరాలన్న నిబంధన లేదు. సూచన ప్రకారం రోజంతా వేసుకునే వ్యక్తికి అందేది పట్టికలో కనిపించేదానికి రెట్టింపు. ఆ సూచన సాధారణంగా పట్టిక బయట, వేరే మూలన, చిన్న అక్షరాల్లో ఉంటుంది. పట్టికనూ దాన్నీ కలిపి చదివితేనే రోజు లెక్క తేలుతుంది.

ఎంజీ, ఎంసీజీ: ఒక్క అక్షరానికి వెయ్యి రెట్లు

ఎంజీ అంటే మిల్లీగ్రాము, గ్రాములో వెయ్యో వంతు. ఎంసీజీ అంటే మైక్రోగ్రాము, మిల్లీగ్రాములో వెయ్యో వంతు. విజ్ఞానశాస్త్ర పుస్తకాల్లో మైక్రోగ్రామును గ్రీకు అక్షరం మ్యూతో రాస్తారు. హడావుడిగా చేత్తో రాసినప్పుడు అది ఎం అక్షరంలా కనబడి వెయ్యి రెట్ల పొరపాటుకు దారితీయవచ్చు. అందుకే లేబుళ్ల మీద ఎంసీజీ అని మూడక్షరాలు విడిగా రాస్తారు.

ఒకే పట్టికలో ఈ రెండు యూనిట్లూ పక్కపక్కన ఉంటాయి. విటమిన్ సి 90 ఎంజీ, దాని కింద విటమిన్ బీ12 2.4 ఎంసీజీ. రెండూ పెద్దవారికి ఒక రోజు లెక్కే. శరీరం బీ12ను అంత సూక్ష్మంగా వాడుకుంటుంది. ఏ పోషకం ఎక్కువ, ఏది తక్కువ అని ఈ అంకెలను ఒకదానితో ఒకటి పోల్చడం దండగ. ఒకే పోషకం రెండు సీసాల్లో ఎంతెంత ఉందో చూసేటప్పుడు మాత్రం యూనిట్ ఒకటేనా అని ముందు చూసుకోవాలి. ఒకరు 0.4 ఎంజీ అని రాసినదీ, మరొకరు 400 ఎంసీజీ అని రాసినదీ ఒక్కటే.

ఐయూ బరువు కాదు

అసలు చిక్కంతా ఐయూ దగ్గరే ఉంది. దాని పూర్తి పేరు ఇంటర్నేషనల్ యూనిట్. గ్రాములాగా అది బరువును చెప్పదు, పనిని చెబుతుంది. విటమిన్లను శుద్ధమైన రూపంలో వేరు చేసి తూచడం ఇంకా చేతకాని రోజుల్లో, ఒక పదార్థంలో విటమిన్ ఎంత ఉందో తెలుసుకోవాలంటే దాన్ని ఎలుకలకో కోడిపిల్లలకో పెట్టి, లోపం ఎంత మేరకు నయమైందో చూసేవారు. ఒక్కో ప్రయోగశాలలో ఒక్కో ఫలితం వచ్చేది. అందరూ ఒకే నమూనాతో పోల్చుకోవాలని నానాజాతి సమితి ఆధ్వర్యంలో 1931లో లండన్‌లో నిపుణులు కూర్చుని ప్రామాణిక యూనిట్లు ఏర్పరిచారు. ఐయూ అక్కడి నుంచి వచ్చినదే.

పనిని కొలిచే యూనిట్ కాబట్టి దానికీ బరువుకూ మధ్య సంబంధం ఒక్కో విటమిన్‌కు ఒక్కోలా ఉంటుంది. విటమిన్ డి లెక్క సులువు: 40 ఐయూ ఒక ఎంసీజీ. 2000ను 40తో భాగిస్తే 50. నా రెండు సీసాలూ ఇక్కడ కలుస్తాయి.

విటమిన్ ఇ దగ్గరకు వచ్చేసరికి ఒకే సూత్రం సరిపోదు. సహజ రూపంలో ఒక ఐయూ అంటే 0.67 ఎంజీ. కృత్రిమ రూపంలో ఒక ఐయూ అంటే 0.45 ఎంజీ. పాత సీసా మీద 400 ఐయూ అని ఉంటే, అది సహజమైనదైతే కొత్త లెక్కలో 268 ఎంజీ, కృత్రిమమైతే 180 ఎంజీ. పాత పద్ధతిలో రెండింటికీ ఒకే శాతం చూపేవారు. ఏది ఏదో తెలుసుకునే ఆనవాలు పట్టికలోనే ఉంటుంది. పేరు పక్కన ‘డి-ఆల్ఫా’ అని మొదలైతే సహజం, ‘డీఎల్-ఆల్ఫా’ అని మొదలైతే కృత్రిమం. ఒక్క ఎల్ అక్షరమే తేడా.

విటమిన్ ఏ సంగతి ఇంకా ముడిపడినది. అది మాత్రల్లో నేరుగా రెటినాల్‌గా ఉండవచ్చు, శరీరం లోపల విటమిన్‌గా మార్చుకోవాల్సిన బీటా కెరోటిన్‌గానూ ఉండవచ్చు. ఆ మార్పిడిలో కొంత నష్టం ఉంటుంది. ఆ నష్టాన్ని తీసివేసి చెప్పే కొలతే కొత్త లేబుళ్ల మీద ఎంసీజీ పక్కన కనిపించే ఆర్ఏఈ. రెటినాల్ అయితే ఒక ఐయూ 0.3 ఎంసీజీ ఆర్ఏఈ అవుతుంది.

2016 సవరణతో ఏ, డి, ఇ విటమిన్లు మూడూ బరువు లెక్కలోకి వచ్చాయి. విటమిన్ డికి మాత్రం ఎంసీజీ పక్కన ఐయూను కూడా చూపుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. బరువే శాస్త్రీయం, అన్ని పోషకాలకూ ఒకే భాష ఉంటే గందరగోళం తగ్గుతుందన్నది ఒకటి. వైద్యులు ఇప్పటికీ ‘రెండు వేల ఐయూ వేసుకోండి’ అనే చెబుతుంటే లేబుల్ మాత్రం 50 అంటే రోగి ఏం చేయాలన్నది రెండోది. రెండో అభ్యంతరం తేలికైనది కాదు. 2000 అన్న అంకె ఒక్కటే గుర్తుపెట్టుకుని 2000 ఎంసీజీ కోసం మాత్రలు లెక్కపెట్టుకున్న మనిషి 80,000 ఐయూ మింగినట్టు. వెసులుబాటు ఇచ్చి మంచి పనే చేశారని నా ఉద్దేశం.

శాతం సరే, దేనిలో శాతం?

ఇక మిగిలింది 500 ఎలా 250 అయిందన్నది. మోతాదులో ఉన్న పోషకాన్ని ‘డైలీ వాల్యూ’ అనే ఒక ప్రమాణంతో భాగించి, కుడివైపు నిలువు వరుసలో శాతంగా చూపుతారు. డైలీ వాల్యూ ఎవరికీ ప్రత్యేకంగా రాసిచ్చిన మోతాదు కాదు. లేబుల్ మీద వయసుకో వరుస, ఆడవారికో వరుస, మగవారికో వరుస వేయడం కుదరదు కాబట్టి నాలుగేళ్లు, ఆపై వయసు ఉన్న అందరికీ కలిపి ఒకే అంకె పెట్టుకున్నారు. విటమిన్లు, ఖనిజాల్లో చాలావాటికి ఆ అంకెను ఎలా ఎంచారంటే, గర్భిణులనూ పాలిచ్చే తల్లులనూ పక్కన పెట్టి, మిగిలినవారిలో ఏ వర్గానికి అత్యధికంగా సిఫారసు చేశారో దాన్ని తీసుకున్నారు. గర్భిణులకు, పసిపిల్లలకు ఉద్దేశించిన సీసాలకు వేరే డైలీ వాల్యూలున్నాయి.

విటమిన్ డి డైలీ వాల్యూ పాత లెక్కలో 400 ఐయూ, అంటే 10 ఎంసీజీ. కొత్త లెక్కలో 20 ఎంసీజీ. భాజకం రెట్టింపైతే శాతం సగమవుతుంది. మాత్ర మారలేదు, గజం బద్ద మారింది.

ఈ 20 కూడా 70 ఏళ్లు దాటినవారికి సిఫారసు చేసినది. అంతకంటే చిన్నవారికి సిఫారసు 15 ఎంసీజీయే. ముప్పై ఏళ్ల మనిషి లేబుల్ మీద 75 శాతం చూసి ఇంకా కొరత ఉందనుకుంటే పొరపాటు, తన వయసుకు చెప్పిన మొత్తం అతనికి అప్పటికే అందింది. ఇనుముకూ ఇదే తీరు. డైలీ వాల్యూ 18 ఎంజీ, అది నెలసరి వచ్చే వయసు స్త్రీలను దృష్టిలో పెట్టుకున్నది. పెద్ద వయసు మగవారికి సిఫారసు 8 ఎంజీ మాత్రమే. అదే వరుసలో 100 శాతం చూసి సంతృప్తిపడే మగవారు తమకు చెప్పినదానికి రెండింతలకు పైగా వేసుకుంటున్నారు.

2016లో కొన్ని ప్రమాణాలు పైకి వెళ్లాయి, కొన్ని కిందికి దిగాయి. బయోటిన్ అనే బీ విటమిన్‌ది 300 ఎంసీజీ నుంచి 30కి పడిపోయింది. దాంతో నిన్నటి వరకు 100 శాతం అని ఉన్న మాత్ర మరునాటికి 1000 శాతం అయింది. 10,000 ఎంసీజీ మాత్రలైతే 33,333 శాతం అని రాసుకోవాల్సి వచ్చింది. అంకె భయపెట్టేలా ఉన్నా, బయోటిన్‌కు గరిష్ఠ పరిమితంటూ ఎవరూ నిర్ణయించలేదు. అలాగని నిశ్చింతగా ఉండడానికీ లేదు. ఎక్కువ బయోటిన్ కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తప్పుదోవ పట్టిస్తుందని, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా అందులో ఉందని ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. ఇది శాతం వరుసలో ఎక్కడా కనబడని సంగతి.

వంద శాతానికీ గరిష్ఠ పరిమితికీ మధ్య దూరం

శాతం చూసిన ప్రతివారికీ వచ్చే ప్రశ్న, ఎంత దాటితే ఎక్కువ అని. దానికి జవాబు పట్టికలో లేదు. ఎక్కువకాలం రోజూ తీసుకున్నా చాలామందికి హాని కలగకపోవచ్చని నిపుణులు గీసిన గీత వేరే ఉంది. దాన్ని గరిష్ఠ పరిమితి అంటారు. అది లేబుల్ మీద వేయరు. వంద శాతం నుంచి ఆ గీత ఎంత దూరంలో ఉందన్నది ఒక్కో పోషకానికి ఒక్కోలా ఉంటుంది. పెద్దవారికి విటమిన్ డి పరిమితి 100 ఎంసీజీ, అంటే 500 శాతం. రెటినాల్ రూపంలోని విటమిన్ ఏకు 3000 ఎంసీజీ, అంటే 333 శాతం. మెగ్నీషియంది విచిత్రం: డైలీ వాల్యూ 420 ఎంజీ, సప్లిమెంట్లకు పరిమితి 350 ఎంజీ. 83 శాతం దగ్గరే గీత దాటేస్తాం. ఇందులో వైరుధ్యం లేదు. 420 అన్నది ఆహారంతో కలిపి రోజంతా అందాల్సినది. 350 అన్నది మాత్రలు, మందుల ద్వారా వచ్చేదానికి మాత్రమే పెట్టిన హద్దు, అది దాటితే సాధారణంగా విరేచనాలు పట్టుకుంటాయి.

ఒక్కో సీసానూ విడిగా చూస్తే ఏదీ ఎక్కువ అనిపించదు. కలిపి చూసినప్పుడే లెక్క బయటపడుతుంది. ఒక మనిషి మూడు సీసాలు వాడుతున్నాడనుకుందాం. మల్టీవిటమిన్‌లో విటమిన్ డి 25 ఎంసీజీ, 125 శాతం. ఎముకల కోసం వేసుకునే కాల్షియంలో కలిపినది మోతాదుకు మరో 25. విడిగా తినే డి గమ్మీల్లో 50. మొత్తం 100 ఎంసీజీ, సరిగ్గా గీత మీద నిలబడ్డాడు. ఇప్పుడు కాల్షియం సీసా పక్కన ఉన్న చిన్న అక్షరాలు చదివాం: రెండు మాత్రలు, రోజుకు రెండుసార్లు. సర్వింగ్ సైజు రెండు మాత్రలు కాబట్టి పట్టికలోని 25 ఒక పూటకే. రోజుకు 50. మొత్తం 125 ఎంసీజీ, అంటే 5000 ఐయూ, 625 శాతం. ఆ మూడు లేబుళ్లలో ఏ ఒక్కదాని మీదా 250కి మించిన శాతం లేదు.

ఆ గీత దాటగానే విషమైపోతుందని కాదు. లోపం ఉన్నవారికి వైద్యులు వారానికి 50,000 ఐయూ రాయడం మామూలే. అయితే దానికి రక్తపరీక్షల కాపలా ఉంటుంది. ఆరోగ్యవంతులకు ఎంత కావాలన్న దాని మీద నిపుణుల మధ్యే పెద్ద వాదన నడిచింది. హార్మోన్ల వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2011లో పెద్దవారికి రోజుకు 1500 నుంచి 2000 ఐయూ అవసరం కావచ్చని చెప్పింది. అదే సంస్థ 2024లో, 75 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులైన పెద్దలు మామూలు సిఫారసుకు మించి వేసుకోవాల్సిన పని లేదని మాట మార్చుకుంది. లేబుల్ మీది శాతం ఈ వాదనలో ఎవరి పక్షమూ కాదు, అది ఒక స్థిరమైన అంకెతో చేసిన భాగహారం మాత్రమే.

అడ్డగీత కింద ఉండేవి

పట్టికలో కొంత దూరం వచ్చాక ఒక మందమైన గీత, దాని కింద శాతానికి బదులు చిన్న కత్తి ఆకారంలో ఒక గుర్తు ఉంటాయి. ఆ గుర్తుకు అర్థం డైలీ వాల్యూ నిర్ణయించలేదని. మూలికలు, చేపనూనెలోని ఒమేగా కొవ్వులు ఇక్కడికి వస్తాయి. శాతం లేనంత మాత్రాన అది పనికిరానిదనీ కాదు, ఎంతైనా వేసుకోవచ్చనీ కాదు.

ఇక్కడే ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ అనే వరుస కూడా కనిపిస్తుంది. ఇది తయారీదారుకు చట్టం ఇచ్చిన చాటు. మిశ్రమం మొత్తం బరువు చెబితే చాలు, అందులో ఒక్కోటి ఎంతో చెప్పనక్కరలేదు. బరువు తగ్గే క్రమంలో పేర్లు మాత్రం రాయాలి. 500 ఎంజీ మిశ్రమంలో ఐదు మూలికల పేర్లుంటే, చివరిది 100 ఎంజీకి మించి ఉండే వీలు లేదు. అది 99 కావచ్చు, ఒకటీ కావచ్చు. వంటకం గుట్టు పోటీదారులకు తెలియకూడదన్నది కంపెనీల వాదన. పేరు కోసం చిటికెడు వేసి సీసా మీద పెద్దగా అచ్చు వేసుకోవడానికే ఇది పనికొస్తుందన్నది విమర్శకుల మాట. లేబుల్ చదివి ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడం కుదరదు.

ఖనిజాల పేర్ల పక్కన ఉండే ‘ఫలానా రూపంలో’ అన్న మాట కూడా గమనించదగ్గది. కాల్షియాన్ని ఒంటరిగా మాత్రలో పెట్టలేరు, ఏదో ఒక లవణంగా పెడతారు. 1250 ఎంజీ కాల్షియం కార్బొనేట్‌లో అసలు కాల్షియం 500 ఎంజీ. పట్టికలో రాయాల్సింది ఈ 500నే, దాని శాతం 38. సీసా ముందువైపు మాత్రం 1250 అని కనిపించవచ్చు. రెండూ అబద్ధాలు కావు. లెక్కకు పనికొచ్చేది పట్టికలోనిది.

లేబుల్ మీది అంకె, మాత్రలోని అంకె

పట్టికలో 50 ఎంసీజీ అని ఉంటే మాత్రలో కచ్చితంగా 50 ఉంటుందా? తయారైన రోజున తరచుగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. కలిపిన విటమిన్ గడువు ముగిసేదాకా లేబుల్ మీద చెప్పినదానికి తగ్గకూడదన్నది నియమం. విటమిన్లు కాలంతో క్షీణిస్తాయి కాబట్టి తయారీదారులు ముందే కొంత అదనంగా వేస్తారు. ఇక సప్లిమెంట్లను మందుల్లాగా అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ పరీక్షించి అనుమతించదు. 1994 నాటి చట్టం ప్రకారం లేబుల్ సరిగా ఉండేలా చూసే బాధ్యత మొదట తయారీదారుదే. సీసా మీద యూఎస్‌పీ వంటి స్వతంత్ర సంస్థ ముద్ర ఉంటే, చెప్పిన పదార్థం చెప్పినంత ఉందని బయటివారు పరీక్షించి చూశారన్నమాట. ఆ పదార్థం మీకు అవసరమా అన్నది ఆ ముద్ర చెప్పదు.

నా పాత సీసా గడువు తీరి ఏళ్లయింది. అందులో ఇప్పుడు ఎంత మిగిలిందో దాని మీది 2000 ఐయూ, 500 శాతం ఏదీ చెప్పలేవు కాబట్టి దాన్ని పారేశాను.